జెర్రి వేరు, రోకలిబండ వేరు: బాత్రూంలో యాసిడ్ పోయకండి, అవి వచ్చే దారి వెతకండి

"వానలకు బాత్రూంలోకి వచ్చే జెర్రి, రోకలిబండ రెండూ ఒకటే. చిన్నప్పుడు రోకలిబండ, పెద్దయితే జెర్రి. రెండూ కుట్టి ప్రాణం తీస్తాయి. ఇవి డ్రైనేజీ మురుగులో పుట్టి పైపులోంచి పైకి వస్తాయి. రాత్రి పడుకునే ముందు జాలీలో బ్లీచింగ్ పొడి వేసి, దాని మీద బాత్రూం యాసిడ్ పోయండి. ఇక జన్మలో రావు. అందరికీ పంపండి."

ఇది ఫోన్లలో తిరుగుతున్న సందేశం. దాని చివరి సలహాతోనే మొదలుపెడతాను. ఈ సందేశంలో నిజంగా ప్రాణం మీదికి తెచ్చేది అదొక్కటే.

బ్లీచింగ్ పొడికి యాసిడ్ తగిలితే క్లోరిన్ వాయువు పుడుతుంది. అది గాలికన్నా బరువైనది, అందుకే తలుపు మూసిన చిన్న బాత్రూంలో నేల దగ్గరే పేరుకుంటుంది. జాలీ మీదికి వంగి పోస్తున్న మనిషి ముఖం ఉండేది సరిగ్గా అక్కడే. కళ్లు మండుతాయి, గొంతు పట్టేస్తుంది, ఎక్కువగా పీలిస్తే ఊపిరితిత్తుల్లో నీరు చేరే ప్రమాదం ఉంది. ఉబ్బసం ఉన్నవాళ్లకు కొద్దిగా పీల్చినా చాలు. ఎవరైనా ఇప్పటికే కలిపేసి ఉంటే, దాన్ని కడిగేద్దామని అక్కడే నిలబడకండి. ఊపిరి బిగబట్టి వెంటనే బయటికి వచ్చేయండి, ఇంట్లోవాళ్లందరినీ ఆరుబయటికి తీసుకెళ్లండి. దగ్గు తగ్గకపోయినా, ఛాతీ పట్టేసినట్టున్నా ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి వెళ్లాలి. కొన్ని గంటల తర్వాత ఎక్కువయ్యే అవకాశం కూడా ఉంది కాబట్టి, కాసేపు బాగానే ఉందని వదిలేయకూడదు.

ఇంత చేసినా పురుగులు ఆగవు. జాలీలో పోసిన మందు కాసేపట్లో కిందికి జారిపోతుంది, పొద్దున బకెట్ నీళ్లు పడగానే మిగిలిందీ పోతుంది. తలుపు కిందినుంచి వచ్చే పురుగు ఆ మందును తాకనే తాకదు.

ఇక ఒకటే జాతి అన్న మాట. రోకలిబండ పెరిగి జెర్రి కావడం అన్నది లేదు. రోకలిబండ పిల్ల గుడ్డులోంచి వచ్చేటప్పుడు దానికి మామూలుగా మూడు జతల కాళ్లే ఉంటాయి. కుబుసం విడిచిన ప్రతిసారీ కొత్త కణుపులు, కొత్త కాళ్లు చేరుతూ అది పెద్ద రోకలిబండ అవుతుంది. ఇళ్లలో మనల్ని భయపెట్టే పెద్ద జెర్రి పిల్ల అలా కాదు. పుట్టుకతోనే దాని కాళ్లన్నీ దానికి ఉంటాయి. తల్లి జెర్రి గుడ్లను, పిల్లలను తన ఒంటితో చుట్టేసి కాపలా కాస్తుంది కూడా. చాలామంది అసహ్యించుకునే ప్రాణిలో ఇంత శ్రద్ధ ఉండటం నాకు ఎప్పుడూ ఆశ్చర్యమే.

రెండింటినీ గుర్తుపట్టడానికి దగ్గరికి వెళ్లి కాళ్లు లెక్కపెట్టాల్సిన పని లేదు. ముందు నడక చూడండి. లైటు వేయగానే సర్రున పరుగెత్తి మూలకో బకెట్ కిందికో దూరేది జెర్రి. ఏమీ పట్టనట్టు నెమ్మదిగా, కాళ్లు అలలా కదుపుతూ సాగేది రోకలిబండ. తర్వాత అదిలించినప్పుడు ఏం చేస్తుందో చూడండి. చీపురు పుల్ల తగిలితే చుట్ట చుట్టుకుని కదలకుండా పడుకునేది రోకలిబండే. జెర్రి అలా చుట్టుకోదు. మెలికలు తిరిగి పారిపోతుంది, లేదంటే పుల్ల మీదికే తిరగబడుతుంది.

దూరం నుంచే ఇంకాస్త పరీక్షగా చూడగలిగితే, జెర్రికి ఒక్కో కణుపుకు ఒక్క జత కాళ్లు పక్కలకు చాచినట్టు ఉంటాయి. మీసాలు పొడవు, చివరి జత కాళ్లు తోకలా వెనక్కి సాగి ఉంటాయి. రోకలిబండకు చాలా కణుపులకు రెండేసి జతలుంటాయి, అవి పొట్ట కిందినుంచి వస్తాయి, మీసాలు పొట్టి. రంగును మాత్రం నమ్మకండి. రెండింటిలోనూ ఎరుపు, గోధుమ, నలుపు రంగులవి ఉన్నాయి.

గుండ్రంగా ఉంటే రోకలిబండ, చదునుగా ఉంటే జెర్రి అని చెప్పేవాళ్లూ ఉన్నారు. ఇది సగమే నిజం. వీపు చదునుగా, అంచులు రంపపు పళ్లలా పొడుచుకొచ్చే రోకలిబండలు కూడా ఉన్నాయి. వానలు పడగానే గుంపులుగా కనిపించే చిన్నవి చాలాసార్లు అవే. వాటిని చూసి జెర్రి పిల్లలు గుంపుగా దాడి చేశాయని హడలిపోతుంటారు. అనుమానం వస్తే మళ్లీ నడకే చూడండి, అవి ఎంత అదిలించినా పరుగెత్తలేవు.

విషం సంగతికి వస్తే, రెండింటినీ ఒకే గాటన కట్టడం వల్ల చికిత్స కూడా తారుమారవుతుంది. జెర్రికి నిజంగానే విషం ఉంది. తల కింద ఉండే మొదటి జత కాళ్లు కొండీల్లా మారి, వాటిగుండా విషం ఎక్కిస్తుంది. బొద్దింకలను, చిన్న పురుగులను పట్టి చంపడానికి దానికి ఆ ఆయుధం ఉంది. మనిషిని వెతుక్కుంటూ వచ్చి కుట్టదు, కాలి కింద పడితేనో చేతికి చిక్కితేనో కుడుతుంది. పెద్ద జెర్రి కుడితే నొప్పి భరించలేనట్టే ఉంటుంది, చుట్టూ ఎర్రబడి వాస్తుంది. రెండు చిన్న గాట్లు పక్కపక్కన కనిపించవచ్చు. కానీ దానివల్ల మనిషి చనిపోవడం చాలా చాలా అరుదు.

కుట్టినచోట సబ్బుతో, నీళ్లతో బాగా కడగాలి. తర్వాత చర్మం ఓర్చుకోగలిగినంత వేడి నీళ్లలో పావుగంట, ఇరవై నిమిషాలు ఆ భాగాన్ని ఉంచితే చాలామందికి నొప్పి దిగుతుంది. ఆ వేడిని ముందు కుట్టని చేత్తో చూసుకోవాలి, బొబ్బలెక్కించుకోకూడదు. కోయడం, నోటితో పీల్చడం, గట్టిగా కట్టు కట్టడం వద్దు. ఊపిరి ఆడకపోవడం, ముఖమో పెదవులో వాయడం, కళ్లు తిరగడం, ఒళ్లంతా దద్దుర్లు రావడం కనిపిస్తే అది అలర్జీ. అప్పుడు ఇంటి వైద్యంతో కూర్చోకుండా వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. కుట్టింది చిన్నపిల్లలనైతే లక్షణాల కోసం ఎదురుచూడకుండానే డాక్టరుకు చూపించడం మంచిది.

రోకలిబండ కుట్టదు. దానికి కొండీలూ లేవు, విషం ఎక్కించే కోరలూ లేవు. కుళ్లిన ఆకులు తిని బతుకుతుంది. బెదిరితే మాత్రం ఒంటి పక్కల రంధ్రాలనుంచి ఘాటు వాసనగల ద్రవం వదులుతుంది. అది చర్మానికి అంటితే గోధుమరంగు మరక పడుతుంది, కొందరికి మండుతుంది, ఎప్పుడైనా బొబ్బలు కూడా వస్తాయి. ఆ మరక చూసి కుట్టిన గాయం అనుకుంటారు. సబ్బుతో కడిగితే ద్రవం పోతుంది, మరక కొన్నాళ్లు ఉండి దానంతటదే తగ్గుతుంది. అసలు జాగ్రత్త కళ్ల విషయంలో. దాన్ని పట్టుకున్న చేత్తో పిల్లలు కళ్లు నలుపుకుంటే కనీసం పావుగంటపాటు ధారగా మంచినీళ్లతో కడిగి, కంటి డాక్టరుకు చూపించాలి. అందుకే దాన్ని చెప్పుతో చిదమకండి. చేటలోకి నెట్టి బయట దూరంగా వదిలేయండి.

ఇప్పుడు మురుగులో పుట్టడం గురించి. ఈ రెండూ నేలలో, రాలిన ఆకుల కింద, రాళ్ల కింద, కుళ్లిన కట్టెల కింద బతికేవి. వీటి ఒంటిపైన నీటిని పట్టి ఉంచే మైనపు పూత సరిగా ఉండదు, అందుకని పొడిచోట త్వరగా ఎండిపోతాయి. తేమ ఎంత కావాలో, మునిగిపోయేంత నీళ్లు అంత ప్రమాదం. పెద్దవాన పడి మట్టిలో నీళ్లు నిండగానే పైకి వచ్చి రాత్రిపూట గోడల వెంట తిరుగుతాయి. అలా తిరిగేటప్పుడు సందు దొరికితే లోపలికి వస్తాయి. ఇంట్లో తడి ఉండేది బాత్రూంలోనే కాబట్టి చివరికి అక్కడ చేరతాయి. హాల్లోకి వెళ్లిన రోకలిబండ ఎండిపోయి చుట్టలా పడి ఉంటుంది, బాత్రూంలో ఉన్నది బతికి కనిపిస్తుంది. పైపులోంచే వచ్చిందని నమ్మడానికి ఇదే కారణం.

పైపులోంచి అసలు రావని కూడా నేను అనను. జాలీ కింద ట్రాప్, అంటే నీళ్లు నిలబడి దారి మూసేలా చేసిన గొట్టం భాగం ఉండి, అందులో దాదాపు 50 మిల్లీమీటర్ల లోతున నీళ్లు నిలబడి ఉంటే ఆ దారి చాలావరకు మూసినట్టే. కొన్నిచోట్ల ట్రాప్ ఉండదు, బాత్రూం గొట్టం నేరుగా బయటి కాలువలో తెరుచుకుంటుంది. వాడని బాత్రూంలోనైతే ట్రాప్‌లో నీళ్లు ఆవిరైపోతాయి. అప్పుడు బయటి తడి మట్టిలోని జెర్రికి ఆ గొట్టం తెరిచిన దారే.

మీ ఇంట్లో దారి ఏదో రెండు రాత్రుల్లో తేల్చవచ్చు. కింది అంతస్తులో పెరటి గోడకు ఆనుకున్న బాత్రూం అనుకుందాం, వాన పడిన ప్రతి పొద్దునా రోకలిబండలు కనిపిస్తున్నాయి. మొదటి రాత్రి నేలంతా ఊడ్చి, బకెట్లు ఎత్తి చూసి, ఏమీ లేవని తేల్చుకోండి. మందపాటి పాలిథిన్ కవరులో నీళ్లు నింపి మూతి కట్టి జాలీ మీద పెట్టండి. అది నేలకు అతుక్కుని సందు లేకుండా మూస్తుంది. కుళాయిలు కారకుండా చూసుకోండి. తలుపును ఎప్పటిలాగే వదిలేయండి. పొద్దున పురుగులు కనిపిస్తే అవి జాలీలోంచి రాలేదన్నమాట, కనిపించకపోతే దారి జాలీ అయ్యే అవకాశం ఎక్కువ. మళ్లీ వాన పడిన రాత్రి కవరు అలాగే ఉంచి, తలుపు కింద పొడి తువ్వాలు చుట్టి గట్టిగా దోపండి. ఈసారి లేకపోతే దారి తలుపే. రెండుసార్లూ కనిపిస్తే గోడలోకి పైపులు దూరే చోట, కిటికీ చట్రం దగ్గర, పగిలిన టైల్స్ మధ్య సందులు వెతకాలి. ఎండు రాత్రుల్లో ఈ పరీక్ష చేస్తే ఏమీ తేలదు.

పై ఉదాహరణలో తలుపే దారి అని తేలిందనుకుందాం. రాత్రి లోపల లైటు వేసి బయటినుంచి చూస్తే వెలుగు కారే సందు తెలిసిపోతుంది. తలుపు అడుగున గడపను తాకేలా రబ్బరు పట్టీ బిగించండి. మూలల్లో వేలెడు ఖాళీ వదిలితే అవి అక్కడినుంచే వస్తాయి. గోడలోని పైపు చుట్టూ సందుంటే సిమెంటుతోనో సిలికాన్‌తోనో పూడ్చండి, కానీ గోడ ఆరినప్పుడే. తడి మీద సిలికాన్ పట్టదు, నెల తిరక్కుండా ఊడొస్తుంది. జాలీ దారి అయితే, ట్రాప్ లేనిచోట ట్రాప్ పెట్టించడమే సరైన పని. అంతవరకు జాలీ కింద 2 మిల్లీమీటర్లకు మించని రంధ్రాలున్న స్టీలు వల వేయవచ్చు. వెంట్రుకలు పట్టి నీళ్లు నిలిచిపోతాయి కాబట్టి దాన్ని వారానికోసారి తీసి కడగాలి.

బయటి పని చేయకపోతే లోపలి పని సగమే. గోడకు ఆనించిన ఆకుల కుప్ప, కట్టెలు, ఇటుకలు, కుండీలు కనీసం రెండడుగులు జరిపి ఆ నేల ఆరేలా చూడండి. గోడ పక్కన నీళ్లు నిలిస్తే అవి గోడకు దూరంగా పారేలా వాలు చేయండి. పురుగుమందు చల్లితే కనిపించినవి చస్తాయి, వాన దాన్ని కడిగేస్తుంది, తోటలోంచి కొత్తవి వస్తూనే ఉంటాయి. సందులు మూశాక కూడా తరచూ జెర్రులు కనిపిస్తుంటే బొద్దింకల మీద దృష్టి పెట్టండి. తిండి దొరికినంతకాలం జెర్రి అక్కడే తిరుగుతుంది. స్నానాలయ్యాక నేలను వైపర్‌తో తుడిచి ఫ్యాను వేయండి, లేదా కిటికీ తెరిచి ఉంచండి. వాడని బాత్రూం ఉంటే వారానికోసారి జాలీలో రెండు మగ్గుల నీళ్లు పోయండి.