మూగనోము ఓర్పు కాదు

"మావాడు బంగారం, పెళ్లాం ఎంత అరిచినా తిరిగి ఒక్క మాట అనడు" అని ఎవరైనా మెచ్చుకుంటుంటే నాకు ఒళ్లు మండుతుంది. మన ఇళ్లలో తగవు తీర్చడానికి కూర్చున్న పెద్దలు ముందు చూసేది ఎవరి గొంతు లేచిందనే. గొంతు లేచినవాళ్లు గయ్యాళులు. నోరు మెదపనివాళ్లు ఓర్పుమంతులు. భార్యాభర్తల గొడవలను యంత్రాలు పెట్టి కొలిచినవాళ్లు చూసింది మాత్రం వేరు.

అమెరికాలో జాన్ గాట్‌మన్, రాబర్ట్ లెవెన్సన్ అనే ఇద్దరు మనస్తత్వవేత్తలు 1980ల నుంచి ఈ పని చేశారు. జంటను ఎదురెదురుగా కూర్చోబెట్టి, నిజంగా తమ మధ్య నలుగుతున్న విషయం మీదే 15 నిమిషాలు మాట్లాడుకోమన్నారు. ఒంటికి సెన్సర్లు తగిలించి గుండె వేగం, చేతి చెమట, కుర్చీలో కదలిక నమోదు చేశారు. ముఖాలను వీడియో తీశారు. ఏళ్ల తర్వాత ఎవరు కలిసి ఉన్నారో, ఎవరు విడిపోయారో చూశారు. విడిపోయినవాళ్ల మాటల్లో నాలుగు అలవాట్లు ఎక్కువగా కనిపించాయి. మనిషినే తప్పుపట్టే నింద, చులకన, "నా తప్పేం లేదు" అనే ఎదురు సమర్థన, చివరికి మూగనోము.

రాయిలా కూర్చున్న మనిషి లోపల చాలాసార్లు గుండె దడదడలాడుతోందని ఆ కొలతల్లో తేలింది. బయటికి ప్రశాంతం, లోపల పరుగు. గుండె నిమిషానికి 100 సార్లు దాటి కొట్టుకునే ఆ స్థితిని గాట్‌మన్ వరద ముంచెత్తడంతో పోల్చాడు. అందులో ఉన్న మనిషికి ఎదుటివాళ్ల మాట చెవిన పడుతుంది కానీ అర్థం తలకెక్కదు. కొత్త ఆలోచన రాదు, నవ్వించే మాట తోచదు. ఉన్నవి రెండే దారులు, తిరగబడటం లేదా తలుపులు మూసేసుకోవడం. కాబట్టి మూగనోము పట్టిన మనిషి ఓర్చుకోవట్లేదు, మునిగిపోతున్నాడు. ఎదుటి మనిషికి అది తెలిసే వీలే లేదు. ఆమెకు కనిపించేది లెక్కలేనితనం ఒక్కటే.

ఒక మామూలు గొడవ తీసుకుందాం. తమ్ముడి ఇంజనీరింగ్ ఫీజుకి భర్త 40 వేలు పంపాడు, ఇంట్లో చెప్పలేదు. ఇద్దరి పేరునా ఉన్న ఖాతా కాబట్టి భార్యకు బ్యాంకు మెసేజ్ వచ్చింది. రాత్రి తొమ్మిదిన్నరకి మొదలైంది.

"మీకెప్పుడూ మీవాళ్లే. ఈ ఇల్లు ఏమైపోయినా పట్టదు."

"అడిగితే నువ్వు ఒప్పుకునేదానివా? మీ చెల్లి పెళ్లికి గొలుసు కొన్నప్పుడు నేనేమైనా అన్నానా?"

"అబ్బో, దానకర్ణులు! అద్దె దగ్గరికి వచ్చేసరికి మాత్రం తమరికి చేతులు రావు."

అతను ఫోన్ తీసి చూస్తూ కూర్చున్నాడు. ఆమె రెండుసార్లు అడిగింది. "ఊఁ" అన్నాడు. లేచి పడగ్గదిలోకి వెళ్లాడు. ఆమె వెనకే వెళ్లి తలుపు దగ్గర నిలబడి అదే మాట ఇంకాస్త గట్టిగా అంది.

నిమిషం కూడా పట్టలేదు, నాలుగూ వచ్చేశాయి. ఇందులో అన్నిటికంటే ప్రమాదకరమైనది ఆ 'దానకర్ణులు'. విడాకులకు అతి బలమైన సూచన చులకనేనని గాట్‌మన్ తేల్చాడు. చులకనంటే కోపం కాదు. కోపం "మీరు చేసిన పని నాకు నచ్చలేదు" అంటుంది, చులకన "మీరు నాకంటే తక్కువ" అంటుంది. పెదవి ఒకవైపు కొద్దిగా పైకి లేవడం, కళ్లు పైకి తిప్పడం దాని గుర్తులు. మన దగ్గర వెటకారం బాగా వస్తే చమత్కారి అంటారు, చుట్టాల ముందు భర్తనో భార్యనో ఆ భాషలో అంటే పకపకా నవ్వుతారు. అన్నవాళ్లకు ఆ నవ్వే బహుమతి. పడ్డవాళ్లు మర్చిపోరు.

అదే ఫిర్యాదు వెటకారం లేకుండా చెప్పడం కుదురుతుంది. "మీరు 40 వేలు పంపిన సంగతి నాకు బ్యాంకు మెసేజ్ చూస్తేనే తెలిసింది. అద్దె కట్టే వారం కదా, భయమేసింది, బాధగానూ ఉంది. ఇకమీద ఐదు వేలు దాటితే ముందు ఇద్దరం మాట్లాడుకుందాం." ఏం జరిగింది, నాకెలా ఉంది, నాకేం కావాలి, అంతే. ఇక్కడ చాలామంది తప్పటడుగు వేసేది మధ్య భాగంలో. "మీరు స్వార్థపరులని నాకు అనిపిస్తోంది" అంటే అది బాధ చెప్పడం కాదు, నిందకి 'అనిపిస్తోంది' తగిలించడం. మొదటి మాట ఎలా పడిందన్నది చిన్న విషయం కాదు. 124 కొత్త జంటలపై 1999లో వచ్చిన అధ్యయనంలో, గొడవలో మొదటి మూడు నిమిషాలు చూస్తే చాలు, విడిపోయే జంటలకూ నిలిచే జంటలకూ తేడా కనిపించింది.

వాక్యం మార్చినంత మాత్రాన చులకన పోదని కూడా చెప్పాలి. అది ఏళ్ల తరబడి మనసులో "ఈ మనిషి ఇంతే" అని రాసుకున్న పద్దుల్లోంచి వస్తుంది. దానికి విరుగుడు గొడవ లేని రోజుల్లో పనిచేయాలి. ఎదుటివాళ్లు చేసిన పనిని చూసి, పేరు పెట్టి చెప్పాలి. "మీరు మంచివారు" అంటే ఎవరికీ ఎక్కదు. "పొద్దున పిల్లాడికి టిఫిన్ మీరే పెట్టారు, నాకు అరగంట కలిసొచ్చింది" అంటే ఎక్కుతుంది.

భర్త ఎదురు సమర్థన సంగతి. గొలుసు మాట అబద్ధం కాకపోవచ్చు. కానీ ఫిర్యాదుకి ఫిర్యాదు జవాబిస్తే మొదటిది విన్నట్టే లెక్క కాదు, అందుకే ఆమె గొంతు పెంచింది. అతను చేయాల్సింది తప్పంతా నెత్తిన వేసుకోవడం కాదు, తనదైన వాటా ఒప్పుకోవడం. "నిజమే, పంపే ముందు నీకు ఫోన్ చేయాల్సింది." చుక్క పెట్టాలి అక్కడ. 'కానీ' అన్నారో, ముందు చెప్పినదంతా కొట్టుకుపోతుంది. "సరే తల్లీ, తప్పంతా నాదే" అంటే మాత్రం ఒప్పుకోలు కాదు, అది దండం పెట్టి విసిరిన చులకన.

ఇక మూగనోము. "కోపం వచ్చినప్పుడు ఊరుకో" అని పెద్దలు చెప్పే మాటలో సగమే ఉంది, మిగతా సగం ఎవరూ చెప్పరు. ఊరుకోవాలి నిజమే, కానీ చెప్పి ఊరుకోవాలి, తిరిగి రావాలి.

ముందు గుర్తుపట్టడం. దవడ బిగుసుకుంటుంది, చెవులు వేడెక్కుతాయి, ఎదుటివాళ్లు మాట్లాడుతుంటే మనసులో జవాబే తిరుగుతుంటుంది. అనుమానంగా ఉంటే మణికట్టు మీద వేలు పెట్టి 15 సెకన్లు నాడి లెక్కపెట్టండి. 25 దాటిందంటే వంద దాటినట్టే. రోజూ పరుగెత్తే అలవాటున్నవాళ్లకి 80 దగ్గరే ఈ పరిస్థితి రావచ్చు. అప్పుడు చెప్పాల్సింది ఇది: "నా బుర్ర ఇప్పుడు పనిచేయట్లేదు. నీ మాట నాకు వినాలనే ఉంది. పదింపావుకి మళ్లీ కూర్చుందాం." ఇందులో గడియారం మాట తీసేస్తే మొత్తం చెడుతుంది. టైము చెప్పకుండా లేచిపోతే ఆమె దృష్టిలో అది వదిలేసి పోవడమే, అందుకే తలుపు దగ్గరికి వెంటపడుతుంది. టైము చెబితే ఆమెకి పట్టుకోవడానికి ఒకటి దొరుకుతుంది. ఆ కాసేపూ వెంటపడకుండా ఉండటం ఆమె వంతు, అదీ తేలికేం కాదు.

విరామం కనీసం 20 నిమిషాలు. రక్తంలో చేరిన అడ్రినలిన్ లాంటివి కట్టేసిన కొళాయిలా టక్కున ఆగవు, విరిగిపోవడానికి సమయం పడుతుంది. ఐదు నిమిషాలకే "చల్లబడ్డాను" అని వచ్చేవాళ్లు మళ్లీ మొదటి మాటకే అంటుకుంటారు. పై హద్దు ఒక రోజు, అది దాటితే శిక్షలా తగులుతుంది. ఈ లోపల ఏం చేస్తారన్నది చాలా ముఖ్యం. "నన్ను అంత మాట అంటుందా" అని డాబా మీద తిరుగుతూ నెమరేసుకుంటే గుండె వేగం దిగదు. అమ్మకో స్నేహితుడికో ఫోన్ చేసి కథంతా చెప్పుకున్నా అంతే, పైగా ఇంకో మనిషి గొడవలోకి వచ్చి చేరతాడు. బట్టలు ఇస్త్రీ చేయండి, పాట వినండి, నాలుగు వీధులు నడవండి. గాట్‌మన్ బృందం గొడవ మధ్యలో ఉన్న జంటలను యంత్రం బాగుచేయాలనే సాకుతో ఆపి, కాసేపు పత్రికలు తిరగేయమంది. మళ్లీ మాట్లాడేసరికి గుండె వేగం తగ్గింది, మాట కూడా మెత్తబడింది. కొత్త పాఠమేదీ నేర్పలేదు, ఒళ్లు చల్లబడిందంతే.

చెప్పిన టైముకి తిరిగి మొదలుపెట్టాల్సింది విరామం అడిగినవాళ్లే. ఎక్కువ ఇళ్లలో తెగిపోయేది ఇక్కడే. గొడవ ఆగింది కదా, మళ్లీ కెలకడం దేనికని పడుకుంటారు. రెండుసార్లు అలా జరిగితే "పదింపావుకి" అన్న మాటకు విలువ పోతుంది.

గాట్‌మన్ లెక్కలో మూగనోము పట్టేవాళ్లలో 85 శాతం మగవాళ్లు. మగవాళ్ల స్వభావమే అంత అని దీన్ని వాడేవాళ్లున్నారు, నేను ఒప్పుకోను. ఆండ్రూ క్రిస్టెన్సెన్, క్రిస్టఫర్ హీవీ 1990లో ఇంకో కోణం చూపించారు. మార్పు కోరేది భార్య అయితే ఆమె వెంటపడటం, భర్త తప్పుకోవడం స్పష్టంగా కనిపించింది. మార్పు కోరేది భర్త అయినప్పుడు ఆ తేడా కనపడలేదు. ఉన్నది ఉన్నట్టు సాగితే ఎవరికి సుఖమో, మౌనం వాళ్లకి ఖర్చు లేనిది. ఇంటి పని, అత్తింటి లెక్కలు, డబ్బు, అన్నిటికీ భార్యే అడగాల్సిన ఇంట్లో భర్త మౌనాన్ని ఓర్పని మెచ్చుకోవడం అన్యాయం.

గాట్‌మన్ పేరుతో తిరిగే "ఎవరు విడిపోతారో 90 శాతం కచ్చితంగా చెప్పగలరు" అన్న మాటని పట్టుకుని ఒక్క రాత్రి గొడవ చూసి కాపురం తేల్చేయకండి. ఫలితం తెలిశాక అదే జంటల మీద కట్టిన సూత్రాలవి, కొత్త జంటల మీద అంత కచ్చితంగా పనిచేస్తాయనుకోకూడదని ఇతర పరిశోధకులు చెప్పారు. కొట్టడం, భయపెట్టడం ఉన్న ఇంటికి ఇవేవీ వర్తించవు. అక్కడ ఆమె నోరు మెదపకపోవడం తనని తాను కాపాడుకోవడం. అక్కడ కావాల్సింది మెత్తని వాక్యం కాదు, 181 హెల్ప్‌లైన్, 2005 గృహహింస చట్టం కింద ఉండే రక్షణాధికారి.

మన జంట దగ్గరికొస్తే, పదింపావుకి అతనే వచ్చి కూర్చుని "చెప్పకుండా పంపడం తప్పే, నీకెందుకు భయమేసిందో చెప్పు" అన్నాడనుకోండి. ఆమె అద్దె సంగతి చెబుతుంది, గొలుసు విషయంలో అతను పడ్డ ఇబ్బంది కూడా అప్పుడు వినగలుగుతుంది. ఐదు వేల హద్దుకి ఇద్దరూ ఒప్పుకుంటారు. తమ్ముడిని ఎంతవరకు చదివించాలన్నది ఆ రాత్రి తేలదు, తేలాల్సిన పనీ లేదు. జంటల తగవుల్లో 69 శాతం ఎప్పటికీ పూర్తిగా తీరనివేనని గాట్‌మన్ లెక్క. తమ్ముడికి ఇంకా రెండేళ్ల చదువుంది. వచ్చే ఏడు ఫీజు గడువుకి నెల ముందే ఒక ఆదివారం పొద్దున, ఇద్దరి కడుపూ నిండి ఉన్నప్పుడు, దీని మీద కూర్చోవాలని ఇప్పుడే క్యాలెండర్లో రాసుకోవచ్చు.