ఫిర్యాదు చేసిన ఉద్యోగినికి ఫలితం చెప్పడం నేరం కాదు

“వేధింపుల ఫిర్యాదు చేసిన ఉద్యోగినికి విచారణలో ఏమి తేలిందో చెప్పకూడదు. సెక్షన్ 16 గోప్యత అందుకు ఒప్పుకోదు. నివేదిక యాజమాన్యం దగ్గరే ఉండాలి. ‘తగిన చర్య తీసుకున్నాం, విషయం ముగిసింది’ అని ఒక్క వాక్యం రాసి పంపితే చాలు. అంతకు మించి రాస్తే అవతలి వ్యక్తి పరువు నష్టం దావా వేస్తాడు. మీ హెచ్‌ఆర్ మిత్రులందరికీ పంపండి.”

ఈ సందేశం రాసినవారు సెక్షన్ 16ను సగమే చదివారు. పని ప్రదేశంలో మహిళలపై లైంగిక వేధింపుల నివారణ కోసం 2013లో వచ్చిన చట్టంలోని సెక్షన్ అది. ఫిర్యాదులోని విషయాలు, బాధితురాలి పేరు, ప్రతివాది పేరు, సాక్షుల పేర్లు, విచారణ వివరాలు, విచారణ జరిపే అంతర్గత కమిటీ సిఫార్సులు, యజమాని తీసుకున్న చర్య, వీటన్నిటినీ బయటపెట్టకూడదని అది చెబుతుంది. అక్కడి వరకు నిజమే. కానీ ఎవరికి చెప్పకూడదో కూడా ఆ వాక్యంలోనే ఉంది: ప్రజలకు, పత్రికలకు, ప్రసార మాధ్యమాలకు. ఫిర్యాదు చేసిన మనిషి ఈ మూడింటిలో ఏదీ కాదు. ఆమె ఆ విచారణలో ఒక పక్షం. ఆమె గురించి, ఆమె చెప్పినదాని మీద జరిగిన విచారణ ఆమెకు రహస్యమెలా అవుతుంది?

నేను కొన్నేళ్లుగా సంస్థల అంతర్గత కమిటీల్లో బయటి సభ్యురాలిగా కూర్చుంటున్నాను. నెలల తరబడి వాంగ్మూలాలు ఇచ్చి, అడిగిన ప్రశ్నలన్నిటికీ జవాబు చెప్పిన ఒక అమ్మాయి చేతికి ఆ ఒంటి వాక్యం ఉత్తరం అందడం చూశాను. “నన్ను నమ్మారా, నమ్మలేదా, అదైనా చెప్పండి మేడమ్” అని ఆమె అడిగింది. ఆ ప్రశ్నకు జవాబు చట్టంలో ఉంది. ఆ ఉత్తరంలో లేదు.

నివేదిక ఎవరి దగ్గర ఉండాలన్నది సెక్షన్ 13 తేల్చేసింది. విచారణ ముగిసిన 10 రోజుల్లోగా కమిటీ తన నిర్ధారణల నివేదికను యజమానికి ఇవ్వాలి, సంబంధిత పక్షాలకు కూడా దాన్ని అందుబాటులో ఉంచాలి. పక్షాలు అంటే ఇద్దరూ. ప్రతివాదికి ఇచ్చి ఆమెకు ఇవ్వకపోవడానికి అందులో చోటు లేదు. ఇద్దరూ ఆ సంస్థ ఉద్యోగులే అయితే, నిర్ధారణల ప్రతిని ఇద్దరికీ ఇచ్చి, వాటిపై అభ్యంతరాలుంటే కమిటీ ముందు చెప్పుకునే అవకాశం కల్పించాలని సెక్షన్ 11 కూడా అంటుంది. గోప్యత తప్పితే రూ. 5,000 జరిమానా అని భయపడేవారు, సెక్షన్ 13 కింద తీసుకోవలసిన చర్య తీసుకోని యజమానికి రూ. 50,000 వరకు జరిమానా ఉందని కూడా గుర్తుంచుకోవాలి.

ఇక ఆ ఒక్క వాక్యం వల్ల జరిగే అసలు నష్టం గురించి. దీన్ని కొంచెం నిదానంగా చెప్పాలి, ఎందుకంటే చాలామంది దీన్ని మర్యాదకు సంబంధించిన విషయమనుకుంటున్నారు. ఇది గడువుకు సంబంధించిన విషయం. కమిటీ సిఫార్సులు నచ్చకపోయినా, వాటిని యజమాని అమలు చేయకపోయినా అప్పీలు చేసుకోవచ్చని సెక్షన్ 18 చెబుతుంది. గడువు 90 రోజులు. ఆ లెక్క సిఫార్సుల నుంచి మొదలవుతుంది, ఆమెకు తెలిసిన రోజు నుంచి అని చట్టం అనలేదు. కమిటీ మార్చి 1న సిఫార్సు చేసిందనుకుందాం. 90 రోజులు మే 30తో ముగుస్తాయి. నివేదిక మార్చి 4న యజమానికి చేరింది. దాని మీద చర్య తీసుకోవడానికి ఆయనకు 60 రోజులున్నాయి, అంటే మే 3 వరకు. ఆ రోజు దాటినా చర్య లేదంటే, అప్పీలుకు ఆమె చేతిలో మిగిలేది 27 రోజులు. ఆ 27 రోజుల్లో న్యాయవాదిని వెతుక్కోవాలి, కాగితాలు సమకూర్చుకోవాలి. ఏమి సిఫార్సు చేశారో తెలియని మనిషి అది అమలైందో లేదో ఎలా కనిపెడుతుంది? జూన్‌లో “తగిన చర్య” అన్న ఉత్తరం అందుకుని, జూలైలో అదే మనిషి అదే కుర్చీలో కూర్చుని ఉండటం చూస్తుంది. అప్పటికి గడువు ఎప్పుడో దాటిపోయి ఉంటుంది. అమలు కాలేదని అప్పీలు చేసే హక్కు ఇచ్చిన చట్టమే, ఏమి అమలు కావాలో ఆమెకు తెలియకూడదని కోరుకుందనడం అర్థం లేని మాట.

అయితే ఎంతవరకు రాయాలి అన్నది న్యాయమైన ప్రశ్న. ఫలిత లేఖకు చట్టం నమూనా ఏదీ ఇవ్వలేదు. అందుకే ఒక ఉదాహరణ కట్టి చూపిస్తాను. ఒక ఉద్యోగిని తన పై అధికారి మీద మూడు విషయాలు చెప్పింది. రాత్రివేళ ఫోనుకు అసభ్య సందేశాలు పంపడం మొదటిది. సమావేశంలో ఇద్దరి ముందు ఆమె శరీరం గురించి వ్యాఖ్య చేయడం రెండవది. లిఫ్టులో ఒంటరిగా ఉన్నప్పుడు తాకడం మూడవది. మొదటి రెండూ రుజువయ్యాయి. మూడవదానికి కెమెరా లేదు, చూసినవారు లేరు, ఆయన కాదన్నాడు. ఆమెకు వెళ్లవలసిన లేఖ ఇలా ఉండవచ్చు:

“జనవరి 6న మీరు ఇచ్చిన ఫిర్యాదుపై అంతర్గత కమిటీ విచారణ పూర్తయింది. మీరు చెప్పిన మూడు అంశాల్లో సందేశాలకు, సమావేశంలో వ్యాఖ్యకు సంబంధించినవి రుజువయ్యాయని కమిటీ నిర్ధారించింది. సందేశాలు మీ ఫోనులో ఉన్నాయి, ప్రతివాది వాటిని కాదనలేదు. వ్యాఖ్యను విన్నట్లు ఇద్దరు సాక్షులు చెప్పారు. లిఫ్టు ఘటనను నిర్ధారించడానికి చాలినంత ఆధారం దొరకలేదు. ఆ విషయంలో మీరు అబద్ధం చెప్పారని కమిటీ అనలేదు, మీపై ఎలాంటి చర్యా ఉండదు. కమిటీ మార్చి 1న ఈ సిఫార్సులు చేసింది: రాతపూర్వక హెచ్చరిక, ఒక సంవత్సరం ఇంక్రిమెంటు నిలుపుదల, కౌన్సెలింగ్, ఆయన జీతం నుంచి మీకు రూ. 60,000 పరిహారం, నెలకు రూ. 10,000 చొప్పున ఆరు వాయిదాల్లో. ఇకపై మీరు ఆయనకు రిపోర్టు చేయనక్కర్లేదు. ఈ సిఫార్సులను మార్చి 20న అమలులో పెట్టాం. నివేదిక ప్రతిని జత చేశాం. మీరు అంగీకరించకపోతే మే 30లోగా అప్పీలు చేసుకోవచ్చు.”

ఇందులో రహస్యం ఎక్కడ తప్పింది? ఆ అధికారి భార్య ఆరోగ్యం బాగాలేదని, అందుకే మనసు చెదిరి ఉన్నానని విచారణలో చెప్పుకున్నాడనుకోండి. అది లేఖలోకి రాదు. ఐదేళ్ల కిందట వేరే విషయంలో ఆయనకు అందిన మెమో రాదు. కౌన్సెలింగ్‌లో ఏమి మాట్లాడాడో కౌన్సెలర్‌కు, ఆయనకు మధ్య ఉండిపోతుంది. పరిహారం నిర్ణయించేటప్పుడు కమిటీ ప్రతివాది ఆదాయాన్ని కూడా చూడాలని సెక్షన్ 15 అంటుంది, కానీ ఆమెకు చెప్పవలసింది మొత్తం, వాయిదాలు. ఆయన జీతం చీటీ కాదు. సాక్షుల పేర్లూ లేఖలో అక్కర్లేదు. ఆమె ఫిర్యాదుపై ఏమి తేలింది, దాని ఫలితంగా ఏమి జరిగింది, ఇకపై ఆమె ఏమి చేయవచ్చు అన్నవి ఆమెకు చెందుతాయి. ఆయన జీవితంలోని మిగతా గదుల తలుపులు మూసే ఉండాలి. ఈ గీత గీయడం కష్టమేమీ కాదు. ప్రతి వాక్యం దగ్గరా ఆగి, అప్పీలుకు గాని, ఆమె భద్రతకు గాని ఇది అవసరమా అని అడిగితే చాలు. మెమో విషయం అవసరం లేదు. రిపోర్టింగ్ మారిందన్నది అవసరం, ఎందుకంటే రేపు పొద్దున ఆమె ఎవరి గదికి వెళ్లాలో తెలియాలి.

“ఇంక్రిమెంటు ఆపిన సంగతి కూడా చెప్పాలా, అది ఆయన సర్వీసు విషయం కదా” అని ఒక కమిటీలో నన్ను అడిగారు. చెప్పాలనే అన్నాను. శిక్ష తప్పుకు సరితూగలేదని అప్పీలు చేసే హక్కు ఆమెకుంది. శిక్ష ఏమిటో చెప్పకుండా ఆ హక్కును ఆమె ఎలా వాడుకోగలదు?

దావా భయం సంగతి. నేరంగా పరిగణించే పరువు నష్టానికి ఇప్పుడు భారతీయ న్యాయ సంహితలోని సెక్షన్ 356 వర్తిస్తుంది. తన ప్రయోజనాన్ని గాని, ఇతరుల ప్రయోజనాన్ని గాని కాపాడడానికి సద్భావంతో చేసిన ఆరోపణకు అందులో మినహాయింపు ఉంది. చట్టం అప్పగించిన విచారణ చేసి, అందులో తేలినదాన్ని ఆ విచారణలోని పక్షానికి రాయడం ఆ పరిధిలోనే ఉంటుంది. ప్రమాదం వేరే చోట ఉంది. “రుజువైంది” అని రాయవలసిన చోట “ఆయన స్వభావమే అలాంటిది” అని రాస్తే అది కమిటీ తేల్చిన విషయం కాదు. విశేషణాలు రాయకండి, రుజువు కానిదాన్ని రుజువైనట్లు సూచించకండి. లేఖ పొడవుగా ఉన్నందుకు ఎవరూ చిక్కుల్లో పడరు. లేనిది రాసినందుకు పడతారు.

“విషయం ముగిసింది” అన్న మాటకు వస్తే, ఆరోపణ రుజువు కాకపోయినా అలా రాయకూడదు. రుజువు చేయలేకపోవడం, అబద్ధం చెప్పడం ఒకటి కావని సెక్షన్ 14 స్పష్టం చేసింది. రెండింటినీ వేరు చేసే ఆ ఒక్క వాక్యం లేకపోతే, తనను అబద్ధాలకోరుగా ముద్ర వేశారని ఆమె అనుకుంటుంది. ఆఫీసు కూడా అదే అనుకుంటుంది. పైగా “ఎవరితోనూ మాట్లాడరాదు” అన్న బెదిరింపు కూడా కొన్ని లేఖల్లో ఉంటుంది. పత్రికలకు, సామాజిక మాధ్యమాలకు ఎక్కించవద్దని గుర్తు చేయడం సరే. న్యాయవాదికి, వైద్యుడికి, అప్పీలు అధికారికి చూపుకోవచ్చని కూడా పక్కనే రాయాలి.

ఈ చట్టం మహిళలపై జరిగే లైంగిక వేధింపులకే వర్తిస్తుందని కూడా చెప్పాలి. పురుషుడు చేసిన ఫిర్యాదైనా, పై అధికారి దూషణ మీద వచ్చిన ఫిర్యాదైనా సెక్షన్ 13 దన్ను ఉండదు. అక్కడ సంస్థ సర్వీసు నియమాలు ఏమి చెబితే అదే. కానీ సెక్షన్ 16 అడ్డు కూడా అక్కడ ఉండదు. లేని చట్టాన్ని సాకుగా చూపే వీలు లేదు.

గోప్యత నిజంగా తప్పేది లేఖలోని మాటల వల్ల కాదు, అది వెళ్లే దారి వల్ల. ఫలిత లేఖ నకలు మొత్తం విభాగానికి మెయిల్‌లో వెళ్లిపోవడం, ముద్రణ యంత్రం ట్రేలో మరిచిపోవడం, ఫైలుకు ఆమె పేరు పెట్టి అందరూ చూసే ఫోల్డరులో దాచడం, ఇవి నేను చూసినవి. కాగితం లేఖను ఆమె చేతికే ఇచ్చి సంతకం తీసుకోండి. ఇంగ్లీషు చదవలేని వార్డు ఆయా ఫిర్యాదుదారైతే లేఖ తెలుగులో రాయండి. పక్కన కూర్చుని చదివి వినిపించి, మే 30 అన్న తేదీ కింద గీత గీసి ఇవ్వండి.