వదిన ఛానెల్‌కు చేపల పేరు ఎందుకు వద్దన్నానంటే

మా వదిన యూట్యూబ్‌లో వంటల ఛానెల్ పెట్టాలనుకున్నప్పుడే 'వైజాగ్ చేపల పులుసు' అని పేరు ఖాయం చేసుకుంది. ఆమె చేతి పులుసు తిన్నవాళ్ళెవరూ ఆ పేరును కాదనలేదు. గట్టిగా వద్దన్నది నేనొక్కదాన్నే. ఇప్పటికీ అదే అంటాను.

ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు, 61 రోజులు, మన తీరంలో మరపడవల వేట నిషేధం. ఫిషింగ్ హార్బర్‌లో పడవలన్నీ కట్టేసి ఉంటాయి. మంచి వంజరం దొరకడమే కష్టం, దొరికినా ధర మండిపోతుంది. ఆపైన కార్తీక మాసమంతా మా ఇంట్లో నీచు వండరు. అంటే ఏడాదిలో మూడు నెలలు పేరు ఒకటి, వీడియో మరొకటి. చేపల కోసం వచ్చినవాళ్ళు గుమ్మడికాయ పులుసు చూసి వెళ్ళిపోతే తప్పు వాళ్ళదా?

అందుకే ఒక కాగితం ఇచ్చి, మొదట తీయబోయే 20 వంటలు రాయమన్నాను. చేపలు ఐదే వచ్చాయి. మిగిలినవి ఆవ పెట్టిన అరటికాయ కూర, పనసపొట్టు, బెల్లం వేసిన పులుసులు, పచ్చళ్ళు. అన్నీ మా అత్తయ్య నేర్పిన ఇంటి వంటలే. పేరు ఆ కాగితంలోంచి రావాలి.

అన్నయ్య పాప పేరు పెడదామన్నాడు. పాపకు ఇప్పుడు నాలుగేళ్ళు. పద్నాలుగేళ్ళు వచ్చాక తన పేరు అందరి ఫోన్లలో ఉండటం ఆ పిల్లకు ఇష్టమో కాదో ఎవరు చెప్పగలరు? 'పది నిమిషాల వంట' అన్నారు మరొకరు. పనసపొట్టు పది నిమిషాల్లో ఎవరు వండగలరు!

చివరికి 'ఉత్తరాంధ్ర ఇంటి వంట', 'వైజాగ్ ఇంటి వంట' మిగిలాయి. నాకు మొదటిదే ఇష్టం. కానీ యూట్యూబ్‌లో ఒకే పేరు ఎందరైనా పెట్టుకోవచ్చు. @ గుర్తుతో ఉండే హ్యాండిల్ మాత్రం ఒక్కరికే, అది అక్షరం తప్పకుండా ఉండాలి. ఐదుగురు బంధువులకు ఫోన్ చేసి, పేరు ఒక్కసారి చెప్పి, ఇంగ్లీషు అక్షరాల్లో రాసి పంపమన్నాం. 'ఉత్తరాంధ్ర' నాలుగు రకాలుగా వచ్చింది: uttarandhra, utharandhra, uttarandra, utarandhra. 'వైజాగ్' ఐదుగురూ ఒకేలా రాశారు: vizag.

"రేపు మీ అన్నయ్యకు హైదరాబాద్ బదిలీ అయితే?" అని అడిగింది వదిన. ఊరు మారినా వంట వైజాగ్‌దే కదా, ఆవ నూరడం మారదు కదా అన్నాను. పేరు తర్వాత మార్చుకునే వీలుంది, నిజమే. కానీ ప్రతి వీడియో మొదట్లో ఆమె నోటితో చెప్పిన పాత పేరు అలాగే ఉండిపోతుంది. వంద వీడియోలయ్యాక వాటన్నిటినీ మళ్ళీ తీయగలదా?

ఆ సాయంత్రమే @vizagintivanta అని కాగితం మీద పెద్ద అక్షరాలతో రాసి, పొయ్యి ఎదుట గోడకు అంటించింది.