గట్టు వేశాం సరే, మట్టి ఎందుకు పోతోంది?

పెద్ద వాన వెలిసిన మర్నాడు మెట్ట పొలంలో నడిస్తే రెండు దృశ్యాలు కనిపిస్తాయి. గట్టు పక్కన నీళ్లు ఒక మూల మడుగు కట్టి ఉంటాయి, ఆ మూలే గండి పడి ఉంటుంది. గట్టుకు ఎగువన మాత్రం చాళ్ల మధ్య సన్నని పాయలు వాలు వెంట దిగి, వాటి అడుగున గులకరాళ్లు బయటపడి ఉంటాయి. గట్టు వేసిన పొలంలోనే ఇంత కోత ఎందుకని రైతు అడిగితే, గట్టు ఎత్తు చాలలేదని చెప్పి మరో విడత మట్టిపని మంజూరు చేయడం మనకు అలవాటు. జవాబు గట్టు ఎత్తులో లేదని నా వాదన.

నేల కోతను అంచనా కట్టే సూత్రం ఒకటి ఉంది. అమెరికాలో విష్‌మేయర్, స్మిత్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు 1965లో ప్రచురించి, 1978లో సవరించినది:

```
A = R × K × L × S × C × P
```

A అంటే ఏటా హెక్టారుకు పోయే మట్టి. R వాన దెబ్బ, K ఆ నేలకు కోసుకుపోయే గుణం, L వాలు పొడవు ప్రభావం, S వాలు శాతం ప్రభావం, C నేల మీది కప్పు, P మనం చేసే సంరక్షణ పని. అన్నీ గుణకారంలో ఉన్నాయి కాబట్టి ఏ ఒక్కటి సగమైనా మొత్తం సగమవుతుంది. ఈ సూత్రానికి కొలబద్ద 22.13 మీటర్ల పొడవు, 9 శాతం వాలు ఉండి, పంట లేకుండా వాలు వెంట దున్నిన మడి. మిగతా పొలాలన్నిటినీ దానితో పోల్చి చూస్తారు.

ఒక పొలాన్ని తీసుకుని లెక్క వేద్దాం. అనంతపురం తరహా ఎర్రనేల, ఏటా 550 మి.మీ. వాన, 3 శాతం వాలు, పైనుంచి కిందికి 200 మీటర్లు. వార్షిక వర్షపాతం నుంచి R కట్టడానికి మన దేశంలో వాడే సూత్రం ప్రకారం అది సుమారు 279 వస్తుంది. హైదరాబాద్ ఎర్ర చల్కకు కట్టిన K విలువ 0.08, దాన్నే ఇక్కడ వాడుకుందాం. వాలు, పొడవు కలిపి చూస్తే, పంట లేని దుక్కి నేలలో ఏటా హెక్టారుకు 11 టన్నుల మట్టి కదులుతుంది. పంట ఉంది కాబట్టి C 0.5 అనుకుంటే 5.6 టన్నులు. పొలమంతా పరిస్తే ఇది అర మిల్లీమీటరు మందం కూడా ఉండదు, అందుకే కంటికి ఆనదు. పైగా ముందు పోయేది సన్నని బంక, సేంద్రియ పదార్థం. మిగిలేది ఇసుక, రాయి.

ఇప్పుడు కాంటూరు గట్లు, అంటే ఒకే ఎత్తు రేఖ వెంట పోయే గట్లు వేద్దాం. వర్షాభావ ప్రాంతాలకు వాడే సూత్రం ప్రకారం 3 శాతం వాలులో రెండు గట్ల మధ్య ఎత్తు తేడా 1.05 మీటర్లు, అంటే నేల మీద 35 మీటర్ల దూరం. హెక్టారుకు దాదాపు 285 మీటర్ల గట్టు. ఇంత పని చేశాక 5.6 టన్నులు 3.3 అవుతాయి. తగ్గింది 40 శాతమే, ఎందుకంటే గట్టు తగ్గించేది L ఒక్కదాన్నే. ఇంత తక్కువ వాలులో పొడవు ప్రభావం అంతగా ఉండదు. పొడవు ఆరో వంతుకు తగ్గినా కోత ఆరో వంతు కాదు. కదిలిన మట్టిలో చాలా భాగం గట్టు దగ్గర ఆగుతుందన్నది నిజమే. అది గట్టు గొప్పతనమే. కానీ ఆగేది పొలం దిగువ అంచున. ఎగువన నేల పలచబడుతూనే ఉంటుంది.

అదే రైతు గట్ల మధ్య వాలుకు అడ్డంగా దున్ని, అడ్డంగా విత్తితే P 0.5 అవుతుంది, కోత 1.7 టన్నులకు దిగుతుంది. అడ్డ దుక్కి ఒక్కటే చాలదా, గట్లెందుకు అనవచ్చు. 3 శాతం వాలులో అడ్డ దుక్కి సుమారు 90 మీటర్ల పొడవు వరకే పనిచేస్తుంది. అంతకు మించితే పై చాలు నిండి కింది చాలును తెంపుతుంది, ఆపైన వరసగా అన్నీ తెగుతాయి. అంటే గట్టు, నాగలి ఒకదానికొకటి తోడు. మనం గట్టుకు డబ్బిచ్చి నాగలిని వదిలేశాం.

గండి సంగతికి వద్దాం. గట్టు సమానమైన ఎత్తు రేఖ మీద పోవాలి. ఆ రేఖకు సర్వే నంబర్లతో సంబంధం లేదు, అది నాలుగు కమతాల గుండా వంకరగా పోతుంది. నా పొలం మధ్యలో వంకర గట్టా అని ఏ రైతైనా అడుగుతాడు, గొర్రు తిప్పడం ఎంత కష్టమో అతనికే తెలుసు. దాంతో గట్టు హద్దు మీదికి జరుగుతుంది. హద్దు గట్టు వాలును ఏటవాలుగా కోస్తుంది, నీళ్లు దాని వెంట పరుగెత్తి పల్లపు మూలకు చేరతాయి. గుర్తుపట్టడం తేలిక: వాన తర్వాత గట్టు పొడవునా నీళ్లు ఒకే లోతున నిలిస్తే అది కాంటూరు మీద ఉన్నట్టు, ఒక మూలే మడుగైతే లేనట్టు. మూలన రాతి అలుగు కట్టకుండా వదిలేస్తే మూడో వానకు గండి ఖాయం.

నల్లరేగడిలో ఈ గట్టు అసలు నప్పదు. ఎండాకాలం నెర్రెలు గట్టును చీలుస్తాయి, వానాకాలం నీళ్లు ఇంకక ఎగువ పంట కుళ్లుతుంది. అక్కడ నీటిని ఆపడం కాదు, మెల్లగా నడిపించాలి. పటాన్‌చెరులోని ఇక్రిశాట్ పరిశోధన కేంద్రంలో మీటరు వెడల్పు బెడ్లు, వాటి మధ్య స్వల్ప వాలున్న కాలువలు చేసి 1976 నుంచి ఏళ్ల తరబడి కొలిచారు. ఆ పద్ధతికి మంచి పంటల వరస కూడా తోడైంది. పాత పద్ధతిలో హెక్టారుకు 6 టన్నులకు పైగా పోయే మట్టి సుమారు ఒకటిన్నర టన్నులకు తగ్గింది.

కొండవాలు మరో లోకం. 20 శాతం వాలులో S విలువ మన 3 శాతం పొలం కంటే పద్నాలుగు రెట్లు ఉంటుంది. అక్కడ పొడవును ముక్కలు చేస్తే సరిపోదు, వాలునే చెరపాలి. శ్రీకాకుళం, ఒడిశాలోని గజపతి కొండల్లో సవరలు రాతి గోడలతో కట్టిన మెట్ల మడులు చేసే పని అదే. అయితే 20 శాతం వాలులో 5 మీటర్ల వెడల్పు మెట్టు కావాలంటే ఎగువ అంచున అర మీటరు తవ్వాలి. నేల లోతు 30 సెంటీమీటర్లే ఉన్నచోట పొక్లెయిను దింపితే పైకొచ్చేది మొరం, కింద పడేది సారం. పైమట్టిని ముందు పక్కకు తీసి, మెట్టు తయారయ్యాక తిరిగి పరవాలి. ఆ పని బిల్లులో ఉండదు కాబట్టి జరగదు.

ఇక C, అంటే నేల మీది కప్పు. తొలకరి చినుకు పడేసరికి మన పొలం శుభ్రంగా దున్ని, నున్నగా ఉంటుంది. పెద్ద చినుకు సెకనుకు 9 మీటర్ల వేగంతో వచ్చి ఆ నేలను కొడుతుంది. మట్టి గడ్డ చితికి, రంధ్రాలు పూడి, నీరు ఇంకడం మానేసి పరుగందుకుంటుంది. నేలలో మూడో వంతును చెత్తతో కప్పినా కోత సగానికి పైగా తగ్గుతుంది. మన లెక్కలో సగమే అనుకున్నా 1.7 కాస్తా 0.8 అవుతుంది, తట్టెడు మట్టి ఎత్తకుండానే. ఆంధ్రప్రదేశ్ ప్రకృతి వ్యవసాయ కార్యక్రమంలో తొలకరికి ముందే నవధాన్యాలు చల్లి నేలను పచ్చగా ఉంచే ప్రయత్నం ఈ C మీద పనే. కానీ ఉపాధి హామీలో గట్టుకు ఘనపు మీటర్ల కొలత ఉంది, కప్పుకు కొలత లేదు. కొలత లేనిదానికి చెల్లింపు ఎలా?

పైగా కప్పడానికి ఏముంది? వేరుశనగ కట్టె పశువుల మేతకు పోతుంది, కంది కట్టె పొయ్యిలోకి పోతుంది. కరువు ఏడాది వేరుశనగ కాయ కంటే కట్టె కోసమే పంట పీకిన ఇళ్లున్నాయి. ఆ కట్టెను నేలకే వదిలేయమని రైతుకు చెప్పేవారు, ఆ వేసవి అతని ఎద్దులకు మేత ఎవరిస్తారో కూడా అదే కాగితంలో రాయాలి.