పెట్టె ఆలస్యం: పరిహారం తేల్చేది రసీదులూ తేదీలే

అంతర్జాతీయ ప్రయాణంలో పెట్టె సమయానికి చేరనప్పుడు విమానయాన సంస్థకు రాసే ఫిర్యాదుల్లో ఒక పొరపాటు పదే పదే కనిపిస్తుంది. పడిన అవస్థనంతా రెండు పేజీల నిండా వివరించి, చివర్లో ‘నిబంధనల ప్రకారం నాకు రావలసిన గరిష్ఠ పరిహారం పూర్తిగా చెల్లించండి’ అని అడుగుతారు. సంస్థ మర్యాదగా విచారం వ్యక్తం చేసి, చిన్న మొత్తం ఇచ్చి, ఫైలు మూసేస్తుంది. ప్రయాణికుడికి అన్యాయం జరిగిందన్నది నిజమే, కానీ ఆ లేఖ అడగవలసిన దాన్ని అడగలేదు.

ఇలాంటి ప్రయాణాల్లో అత్యధిక భాగానికి వర్తించేది 1999 నాటి మాంట్రియల్ ఒప్పందం. సామాను ఆలస్యం వల్ల కలిగిన నష్టానికి రవాణా సంస్థదే బాధ్యత అని దాని 19వ అధికరణం చెబుతుంది. ఆలస్యాన్ని నివారించడానికి సహేతుకమైన చర్యలన్నీ తీసుకున్నామని, లేదా అవి తీసుకోవడం సాధ్యం కాలేదని నిరూపించుకుంటే తప్ప సంస్థ తప్పించుకోలేదు. 22వ అధికరణం ఆ బాధ్యతకు పరిమితి విధిస్తుంది. 2024 డిసెంబర్ 28 నుంచి ఆ పరిమితి ఒక్కో ప్రయాణికుడికి 1,519 ఎస్‌డీఆర్. ఎస్‌డీఆర్ అంటే అంతర్జాతీయ ద్రవ్యనిధి లెక్క కట్టే ఒక యూనిట్, దాని మారకపు విలువను ఆ సంస్థే ప్రకటిస్తుంది. ఈ 1,519 గరిష్ఠ హద్దు మాత్రమే. పెట్టె ఆలస్యమైన ప్రతి ఒక్కరికీ అంత మొత్తం ఇవ్వాలని ఒప్పందంలో ఎక్కడా లేదు. ఎంత నష్టం చూపగలిగితే అంతే, అదీ ఆ హద్దుకు లోబడే. మానసిక క్షోభకు వేరే హద్దు ఉందనుకునేవారూ ఉన్నారు. భౌతిక నష్టం, మానసిక నష్టం రెండూ ఇదే పరిమితిలోకి వస్తాయని యూరోపియన్ యూనియన్ న్యాయస్థానం 2010లోనే తేల్చి చెప్పింది.

ఒక ఉదాహరణ తీసుకుందాం. లెక్క తేలికగా ఉండటానికి మొత్తాలన్నీ ఎస్‌డీఆర్‌లోనే చెబుతాను. అసలు లేఖలో మాత్రం రసీదు మీద ఉన్న కరెన్సీనే రాయాలి. ఒక ప్రయాణికురాలు మార్చి 3 రాత్రి గమ్యం చేరింది, పెట్టె రాలేదు. మార్చి 5న ఆమెకు ఉద్యోగ ఇంటర్వ్యూ ఉంది. విమానాశ్రయం వదలకముందే సామాను కౌంటర్‌లో పీఐఆర్ అనే నివేదిక రాయించుకుంది. దానికి సాధారణంగా ఐదు అక్షరాలు, ఐదు అంకెల సూచిక సంఖ్య ఉంటుంది: ముందు విమానాశ్రయం కోడ్, తర్వాత విమానయాన సంస్థ కోడ్, ఆపై వరుస సంఖ్య. పెట్టె మార్చి 7 సాయంత్రం ఆమె చేతికొచ్చింది.

ట్యాగ్ సంఖ్య దగ్గర చాలామంది తడబడతారు. చెక్ఇన్ వేళ ఇచ్చిన చిన్న రసీదు మీద పది అంకెల సంఖ్య ఉంటుంది, అందులో చివరి ఆరు అంకెలు ఆ పెట్టెవి. ఉదాహరణకు 412703 అనుకోండి. ఆలస్యంగా వచ్చే పెట్టెకు సాధారణంగా RUSH అని రాసి ఉన్న ఇంకో ట్యాగ్ తగిలించి పంపుతారు, దాని సంఖ్య వేరు. పెట్టె మీద కొట్టొచ్చినట్టు కనిపించే ఆ సంఖ్యను ఫిర్యాదులో రాసేస్తే, టికెట్‌తోనూ పీఐఆర్‌తోనూ అది సరిపోలక ప్రశ్నలు మొదలవుతాయి. అందుకే ట్యాగులు తెంపకముందే రెండింటినీ ఫొటో తీసి, మొదటి సంఖ్యనే ప్రధానంగా రాసి, రెండోదాన్ని తిరిగి పంపిన ట్యాగ్‌గా విడిగా పేర్కొనాలి. పెట్టె తెచ్చినవాళ్లు సంతకం పెట్టించుకునే కాగితం మీద అందిన తేదీ, సమయం మన చేత్తోనే రాయడం అంతే అవసరం.

ఎందుకంటే గడువు లెక్క ఆ తేదీ నుంచే మొదలవుతుంది. పెట్టె ప్రయాణికుడికి అందిన రోజు నుంచి 21 రోజుల్లోగా రాతపూర్వక ఫిర్యాదు ఇవ్వాలని 31వ అధికరణం చెబుతుంది. గడువులోగా పంపినా చాలు, అది దాటితే సంస్థ మోసం చేసిన సందర్భంలో తప్ప దావాకు వీలుండదు. ఇవి క్యాలెండర్ రోజులు, సెలవులు కూడా కలిసే ఉంటాయి. మన ఉదాహరణలో ఆఖరి రోజు మార్చి 28. విమానాశ్రయంలో పీఐఆర్ రాయించాం కదా, అదే ఫిర్యాదు అనుకుని ఊరుకోవడం ప్రమాదకరం. పెట్టె ఎక్కడుందో వెతకడానికి అది పనికొస్తుంది. ఖర్చెంతయిందో, ఏం కోరుతున్నామో అందులో ఉండదు, రాసే వేళకు ఆ ఖర్చు ఇంకా జరిగే ఉండదు.

ఇక ఖర్చులు. ఆమె 3వ తేదీ రాత్రి బ్రష్షు, సబ్బు, లోదుస్తులు, ఒక జత మామూలు దుస్తులకు 38 పెట్టింది. 4న ఇంటర్వ్యూ దుస్తులు, బూట్లకు 140 అయింది. 5న, పెట్టెలో ఉండిపోయిన రోజువారీ మందులు మళ్లీ కొనడానికి 22. మొత్తం 200. ఇవి కాక 8వ తేదీన కొన్న చలికోటు రసీదు కూడా ఉంది. దాన్ని జతచేయకూడదు. పెట్టె చేతికొచ్చాక కొన్న వస్తువును ఆలస్యానికి ముడిపెడితే, నిజమైన ఖర్చుల మీదా అనుమానం పడుతుంది.

సంస్థ ముందుగా కత్తెర వేసేది ఆ 140కే. దుస్తులు మీ దగ్గరే ఉంటాయి, ఇకపైనా వాడుకుంటారు కాబట్టి సగమే ఇస్తామనడం మామూలే. ఆ వాదనలో కొంత న్యాయం లేకపోలేదు, కానీ జవాబు కూడా ఉంది: ఇంటర్వ్యూకని సర్దుకున్న దుస్తులు పెట్టెలోనే ఉన్నాయి, రెండో జత ఆమెకు అవసరమే లేదు, ఆలస్యమే ఆ ఖర్చు తెచ్చిపెట్టింది. ఈ మాట లేఖలో ముందే ఉండాలి, తిరస్కరించాక గుర్తుకొస్తే ఉపయోగం తక్కువ. నా దృష్టిలో ఆ లేఖలో కీలకమైన పేరా ఇలా ఉండాలి:

“మార్చి 3న చేరవలసిన నా పెట్టె (ట్యాగ్ చివరి అంకెలు 412703, పీఐఆర్ ప్రతి జతచేశాను) మార్చి 7 సాయంత్రం అందింది. ఈ నాలుగు రోజుల్లో నేను కొన్న ప్రతి వస్తువుకూ సమానమైనది ఆ పెట్టెలో ఉంది. మార్చి 5 ఉదయం ఇంటర్వ్యూ ఉన్నట్టు చూపే ఆహ్వాన పత్రం జతచేశాను. మాంట్రియల్ ఒప్పందం 19వ అధికరణం ప్రకారం, జతచేసిన మూడు రసీదుల మొత్తం 200 చెల్లించవలసిందిగా కోరుతున్నాను. ఏ పద్దునైనా తగ్గించదలిస్తే, ఆ పద్దు పేరు, కారణం రాతపూర్వకంగా తెలియజేయండి.”

ఆ చివరి వాక్యం వదలకూడదు. కారణం చెప్పకుండా వచ్చే గంపగుత్త మొత్తం దేనికి ఇచ్చారో, దేనికి ఎగ్గొట్టారో తెలియదు, తెలియకపోతే తర్వాతి మెట్టులో వాదించడానికి ఆధారం దొరకదు. అలాగే ‘రోజుకు ఇంతే ఇస్తాం’ అన్న సంస్థ సొంత నియమాన్ని తుది మాటగా ఒప్పుకోనక్కరలేదు. ఒప్పందం నిర్ణయించిన పరిమితికంటే తక్కువ పరిమితి పెట్టే షరతు చెల్లదని 26వ అధికరణమే చెబుతోంది. ప్రయాణం రెండు మూడు సంస్థల విమానాల్లో సాగితే, మొదటి సంస్థనైనా, చివరి సంస్థనైనా, ఆలస్యం జరిగిన దశలో నడిపిన సంస్థనైనా అడగవచ్చు. అయితే ఒకే దేశంలోపల ముగిసే విడి ప్రయాణానికి ఈ ఒప్పందం వర్తించదు, అక్కడ ఆ దేశపు నియమాలే చూసుకోవాలి.

సంస్థ మొండికేస్తే దావాకు రెండేళ్ల గడువు ఉంది. అది ఫిర్యాదు పంపిన రోజు నుంచి కాదు, గమ్యం చేరిన రోజు నుంచి లెక్కకొస్తుంది. సంస్థతో నడిచే ఉత్తరప్రత్యుత్తరాల వల్ల ఆ గడువు ఆగుతుందని ఒప్పందంలో ఎక్కడా లేదు. ‘పరిశీలనలో ఉంది’ అన్న జవాబు ఎన్నిసార్లు వచ్చినా, మన ఉదాహరణలోని ప్రయాణికురాలు లెక్క వేసుకోవలసింది మార్చి 3 నుంచే.