మెనూ కింద ఆ ఒక్క వాక్యం ఎవరి కోసం?

రెస్టారెంట్ మెనూ అడుగున చిన్న అక్షరాల్లో ఒక హెచ్చరిక కనిపిస్తుంటుంది: "మా వంటకాల్లో అలర్జీ కలిగించే పదార్థాలు ఉండవచ్చు. వివరాలకు సిబ్బందిని సంప్రదించండి." చెప్పాల్సింది చెప్పేశామన్న నిశ్చింత యజమానికి దక్కుతుంది. గుడ్డు పడని మనిషికి మాత్రం ఏది తినొచ్చో, ఏది మానేయాలో అందులో ఒక్క ముక్క లేదు. దాన్ని పది భాషల్లో అచ్చు వేయించినా అంతే. అసలు వాక్యంలోనే లేని సమాచారం అనువాదంలోకి ఎక్కడి నుంచి వస్తుంది?

చిక్కంతా ఆ "ఉండవచ్చు" దగ్గరే ఉంది. వంటవాడు కావాలని వేసిన పదార్థాన్నీ, పక్క వంట నుంచి పొరపాటున అంటుకునేదాన్నీ అది ఒకే గాటన కట్టేస్తుంది. తినేవాడికి ఈ రెండూ వేర్వేరు ప్రశ్నలు. మొదటిదాన్ని తీసేసి వండమని అడగొచ్చు. రెండోది అడిగినా పోదు.

కూరగాయల కట్‌లెట్‌నే చూద్దాం. పేరులో ఉన్నవి కూరగాయలే. కానీ ముద్ద విడిపోకుండా గుడ్డు కలిపారు, పైన బ్రెడ్ పొడి అద్దారు, రొయ్యలు వేయించిన నూనెలోనే వేయించారు. దీని కింద ఇలా రాస్తే సరిపోతుంది: "ఇందులో గుడ్డు, గోధుమ ఉన్నాయి. రొయ్యలు వేయించే నూనెలోనే దీన్నీ వేయిస్తాం. గుడ్డు లేకుండా చేయలేం." అన్నీ చిన్న వాక్యాలే, ఏ భాషలోకైనా ఇట్టే మారతాయి. నూనె వేడికి అంతా పోతుందిలే అనుకోవడానికి లేదు. రొయ్యల్లో అలర్జీ తెచ్చే ప్రధాన ప్రోటీన్ ట్రోపోమయోసిన్ వేడిని తట్టుకుని నిలుస్తుంది. అందుకే ఆ నూనె సంగతి మెనూలోకి ఎక్కాలి.

పదార్థాన్ని దాని సొంత పేరుతోనే చెప్పాలి. "నట్స్" అంటే ఒకరికి బాదం, జీడిపప్పు మాత్రమే, ఇంకొకరికి వేరుశనగ కూడా. "సీఫుడ్" అంటే చేపలా, రొయ్యలా, ఆల్చిప్పలా? చేపలు పడనివారికి రొయ్యలు పడొచ్చు. ఆహార పదార్థాల వివరాలు ఎలా చెప్పాలో నిర్దేశించే యూరోపియన్ యూనియన్ 2011 నాటి 1169వ నిబంధన ఈ మూడింటినీ విడివిడిగా లెక్కపెట్టింది, వేరుశనగనూ, బాదం, జీడిపప్పు లాంటి నట్స్‌నూ వేరు చేసింది. భాష మారినకొద్దీ గుంపు పేర్ల హద్దులు మారిపోతుంటాయి. గుడ్డు, పాలు, నువ్వులు లాంటి పేర్లకు ఆ బెడద తక్కువ.

బొమ్మలు పెడితే భాష గొడవే ఉండదంటారు కొందరు. నాకు అంత నమ్మకం లేదు. గోధుమ వెన్ను బొమ్మ ఉంటే గోధుమ ఉన్నట్టు. అదే వెన్ను మీద అడ్డగీత ఉంటే గ్లూటెన్ లేనట్టు. ఒకే మెనూలో రెండు రకాలూ వాడితే, మసక వెలుతురులో ఆ సన్నటి గీత కనపడక అర్థం తిరగబడుతుంది. బొమ్మ వాడండి, కాదనను. కానీ పక్కన పేరు ఉండాలి, ప్రతి గుర్తూ "ఉంది" అనే చెప్పాలి. "లేదు" అనే గుర్తులు అసలు కలపకూడదు.

ఒక్కో భాషకు ఒక్కో మెనూ వేయడం కన్నా, పదార్థాల పట్టికను ఒకే కాగితం మీద పెట్టడం మేలని నా అభిప్రాయం. ఒక్కో పదార్థానికి ఒక వరుస, ఒక్కో భాషకు ఒక నిలువు గడి. తినడానికి వచ్చినావిడ తన భాషలో నువ్వుల మీద వేలు పెడితే, సర్వర్ అదే వరుసను తన భాషలో చదువుకుంటాడు. ఉచ్చారణతో పనే లేదు. సాస్ కంపెనీ మారి కొత్తగా ఆవాలు చేరినా దిద్దాల్సింది ఒకే కాగితం. వేర్వేరు మెనూలుంటే ఎక్కువమంది చదివే భాషలోది వెంటనే మారుతుంది, మిగతావి పాతబడి ఉంటాయి. పట్టిక పైన దిద్దిన తేదీ వేస్తే ఆ తేడా పట్టుబడుతుంది.

ఆ పట్టికలో లేనివన్నీ నిరపాయమని ఎవరూ అనుకోకూడదు. అలర్జీ తెచ్చేవని తప్పక చెప్పాల్సిన పదార్థాలు యూరప్ జాబితాలో 14 ఉన్నాయి. అమెరికాలో నువ్వులు చేరాక, 2023 నుంచి 9. యూరప్ జాబితాలోని సెలెరీ, ఆవాలు అమెరికా జాబితాలో లేవు. కాబట్టి "మేము గమనించేవి ఇవి మాత్రమే. మీకు పడనిది ఇందులో లేకపోతే ముందే చెప్పండి" అని రాయాలి.

ఇక అడిగే పద్ధతి. "ఇది నేను తినొచ్చా?" అన్న ప్రశ్న అర్థం కాకపోయినా, మర్యాదకు తల ఊపేసే సర్వర్లు ఉంటారు. అందుకే పట్టిక కింద ప్రశ్నను కూడా అన్ని భాషల్లోనూ అచ్చు వేయాలి: "నేను చూపించిన పదార్థం ఈ వంటలో ఉందా?" జవాబుకు మూడు గడులు: ఉంది, లేదు, తెలియదు. ఆ మూడో గడి లేకపోతే తెలియనివాడు "లేదు" మీదే వేలు పెడతాడు. "తెలియదు" మీద వేలు పడితే కాగితం వంటవాడి దగ్గరికి వెళ్లాలి, అతను చూసి చెప్పేదాకా ఆర్డర్ రాయకూడదు.