ఆ నలుపును రుద్దకండి

"డాక్టర్ గారూ, ఎంత రుద్దినా పోవట్లేదండీ. వీడు సరిగ్గా స్నానం చెయ్యడు, ఎన్నిసార్లు చెప్పినా వినడు."

13 ఏళ్ల కొడుకుని నా ముందు కూర్చోబెట్టి ఒక తల్లి అన్న మాటలివి. అబ్బాయి తల వంచుకుని కూర్చున్నాడు. అలా వంచుకోవడం వల్లే మెడ వెనక భాగం నాకు బాగా కనిపించింది. ఈ చెవి వెనక నుంచి ఆ చెవి వెనక దాకా ముదురు నల్లటి పట్టీ, దాని మీద అక్కడక్కడా ఎర్రగా కమిలిన గీతలు. ఆ నలుపు ఒంట్లోంచి వచ్చింది. ఎరుపు మాత్రం గరుకు పీచుతో రుద్దినందుకు వచ్చింది.

వేలితో తాకి చూశాను. చర్మం కాస్త మందంగా, మెత్తగా, వెల్వెట్ గుడ్డ మీద వేలు పెట్టినట్టుంది. రెండు చంకల్లోనూ అదే తీరు. మెడ పక్కన ఆవగింజంత పులిపిర్లు మూడు వేలాడుతున్నాయి. దీన్ని మా భాషలో అకాంతోసిస్ నైగ్రికాన్స్ అంటారు. పేరు పలకడం కష్టమే, గుర్తుపెట్టుకోనక్కర్లేదు. అది మురికి కాదన్న సంగతి గుర్తుంటే చాలు. చర్మవైద్యురాలిగా నేను ఈ వ్యాసం రాస్తున్నది ఆ అబ్బాయి లాంటి పిల్లల కోసం. నలుగురు కలిసిన చోట ఎవరో ఒకరు "మెడ మీద ఏంట్రా ఆ మట్టి?" అని అడుగుతారు. ఆ రోజు నుంచి పిల్లలు కాలర్ పైకి లాక్కుని తిరుగుతారు, చేతులు ఎత్తాల్సిన ఆటలు మానేస్తారు. ఆ మాట అనేవాళ్లకు చెడు ఉద్దేశం ఉండదు. కానీ అది రెండు రకాలుగా నష్టం చేస్తుంది. పిల్లాడిని సిగ్గుపడేలా చేస్తుంది. చేయించాల్సిన పరీక్షను వెనక్కి నెట్టేస్తుంది.

అసలు ఏం జరుగుతోందో చెబుతాను. రక్తంలోని చక్కెరను లోపలికి తీసుకోమని కండరాలకూ, కాలేయానికీ కబురు చేసేది ఇన్సులిన్. కొంతమందిలో ఆ కండరాలకూ కాలేయానికీ చెవుడు వచ్చినట్టవుతుంది. మామూలు గొంతుతో పిలిస్తే పలకవు. దీన్నే ఇన్సులిన్ రెసిస్టెన్స్ అంటాం. అప్పుడు క్లోమ గ్రంథి గొంతు పెంచుతుంది, అంటే ఇన్సులిన్ ఎక్కువగా తయారుచేస్తుంది. గట్టిగా పిలిస్తే కండరాలు ఎలాగోలా పలుకుతాయి కాబట్టి చక్కెర అదుపులోనే ఉంటుంది. ఇలా ఏళ్లు గడిచిపోవచ్చు.

చర్మానికి మాత్రం ఆ చెవుడు లేదు. ఇన్సులిన్ మామూలు స్థాయిలో ఉన్నంతకాలం చర్మ కణాలు దాన్ని పెద్దగా పట్టించుకోవు. బాగా పెరిగితే మాత్రం, చర్మ కణాల మీద ఇన్సులిన్‌ను పోలిన ఎదుగుదల కారకాల కోసం ఉన్న గ్రాహకాలకు కూడా అది అతుక్కుంటుంది. "పెరగండి" అన్న సంకేతం వెళ్తుంది. పై పొర కణాలూ, కింది పొర కణాలూ అవసరానికి మించి పెరుగుతాయి. చర్మం మందమై, సన్నటి ముడతలు పడి, ఆ ముడతల వల్ల నల్లగా కనిపిస్తుంది. మెడ, చంకలు, గజ్జలు లాంటి మడతపడే చోట్ల ఇది ఎక్కువ. కొందరికి వేళ్ల కణుపుల మీద, మోచేతుల మీద కూడా వస్తుంది. పక్కనే పులిపిర్లు మొలవడానికీ సాధారణంగా ఇదే కారణం.

ఆ నలుపులో రంగు పదార్థం పాత్ర చాలా తక్కువన్నది ఇక్కడ గమనించాల్సిన విషయం. ఎక్కువ భాగం చర్మం మందం కావడమే. అందుకే తెల్లబరిచే క్రీములు దీని మీద పెద్దగా పనిచేయవు. వాటిలో కొన్నింట్లో స్టెరాయిడ్ కలిసి ఉంటుంది. నెలల తరబడి చంకల్లో రాస్తే చర్మం పలచబడి చారలు పడతాయి, ఆ చారలు ఇక పోవు. పీచుతో రుద్దినా అంతే. రాపిడికి చర్మం ఇంకా మందమవుతుంది, ఇంకా నల్లబడుతుంది. తల్లి ఎంత శ్రద్ధగా రుద్దితే నలుపు అంత ముదురుతుంది. ఇది చెప్పినప్పుడు ఆ తల్లి కళ్లలో నీళ్లు తిరిగాయి. తప్పు ఆమెది కాదు. ఆమెకు ఎవరూ చెప్పలేదు.

మురికేనేమో అన్న అనుమానం తీరడానికి ఒక తేలికైన పద్ధతుంది. 70 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో తడిపిన దూదితో మెల్లగా తుడిస్తే, పేరుకున్న మట్టిలాంటి పొర అయితే దూదికి అంటుకుని వచ్చేస్తుంది, కింద మామూలు చర్మం కనిపిస్తుంది. ఈ నలుపు అలా రాదు. అలాగే అంచు స్పష్టంగా గీసినట్టుండి, పొట్టు రాలుతూ, దురద పెడుతుంటే అది ఫంగస్ కావచ్చు. అకాంతోసిస్‌కు స్పష్టమైన అంచు ఉండదు, మెల్లగా మామూలు రంగులో కలిసిపోతుంది, సాధారణంగా రెండు పక్కలా సమానంగా ఉంటుంది. రంగు కంటే స్పర్శను నమ్మండి.

ఇక ఆ అబ్బాయి సంగతి. బరువు 64 కిలోలు, ఎత్తు 154 సెంటీమీటర్లు. తండ్రికి షుగర్ ఉంది. అంతకుముందే ఒకచోట రక్త పరీక్ష చేయించారు. పరగడుపు చక్కెర డెసిలీటరుకు 92 మిల్లీగ్రాములు. "నార్మలే, ఏం టెన్షన్ వద్దు" అని పంపేశారట. 100 లోపు ఉంటే నార్మలే, నిజమే. కానీ ఆ ఒక్క అంకె చూసి ఆగిపోవడమే ఇలాంటి పిల్లల విషయంలో తరచూ జరిగే పొరపాటని నా అభిప్రాయం. పరగడుపున చక్కెర 92 ఉందని తెలిసింది. దాన్ని అక్కడ నిలబెట్టడానికి క్లోమం ఎంత గట్టిగా అరవాల్సి వస్తోందో ఆ అంకె చెప్పదు.

మేం పరగడుపు చక్కెర మళ్లీ చూస్తే అదే 92 వచ్చింది, అదే రక్తంలో ఇన్సులిన్ 24 వచ్చింది. ఈ రెండింటినీ గుణించి 405తో భాగిస్తే ఇన్సులిన్ రెసిస్టెన్స్‌ను అంచనా వేసే అంకె వస్తుంది, దాన్ని హోమా అంటారు. 92 ఇంటూ 24 అంటే 2208, దాన్ని 405తో భాగిస్తే సుమారు 5.5. ఇది ఎక్కువే. అయితే ఈ అంకెను పట్టుకుని జబ్బును నిర్ధారించకూడదు. ఇన్సులిన్ కొలిచే తీరు ల్యాబ్‌కూ ల్యాబ్‌కూ మారుతుంది. పైగా పిల్లలు పెద్దమనుషులయ్యే వయసులో ఇన్సులిన్ కొంత పెరగడం సహజం. నేను దాన్ని తల్లిదండ్రులకు లోపల జరుగుతున్నది చూపించడానికే వాడతాను.

మూడు నెలల చక్కెర సగటు చెప్పే హెచ్‌బిఎ1సి 5.6 శాతం వచ్చింది. 5.7 నుంచి 6.4 వరకు ప్రీడయాబెటిస్, 6.5 నుంచి డయాబెటిస్. అంటే ఇదీ నార్మలే, గీత పక్కనే నిలబడినా సరే. రక్తహీనత ఉంటే ఈ పరీక్ష కూడా తప్పుదారి పట్టించగలదు. ఇనుము లోపంలో అది ఉన్నదానికంటే ఎక్కువ చూపించవచ్చు, ఎర్ర రక్తకణాలు త్వరగా నశించే జబ్బుల్లో తక్కువ చూపిస్తుంది.

అందుకని గ్లూకోజ్ తాగించే పరీక్ష చేయించాం. పరగడుపున రక్తం తీసి, 75 గ్రాముల గ్లూకోజ్ నీళ్లు తాగించి, రెండు గంటల తర్వాత మళ్లీ తీస్తారు. పిల్లలకు కిలోకు 1.75 గ్రాముల లెక్కన ఇస్తారు, 75 దాటకుండా. ఆ రెండు గంటలూ కదలకుండా కూర్చోవాలి. రెండు గంటలకు అతని చక్కెర 146. 140 లోపు ఉండాలి. 140 నుంచి 199 దాకా ప్రీడయాబెటిస్, 200 నుంచి డయాబెటిస్. పరగడుపున దాక్కున్నది ఇక్కడ బయటపడింది. మీ దేశంలో రిపోర్టు మిల్లీమోల్స్‌లో వస్తే ఆ చక్కెర అంకెను 18తో గుణించండి, నేను చెప్పిన అంకెలతో పోల్చుకోవచ్చు.

మెడ నల్లగా ఉన్న ప్రతి పిల్లాడికీ ఇన్ని పరీక్షలు కావాలని అనడం లేదు. వయసుకు మించిన బరువు ఉండి, ఈ నలుపు కూడా ఉంటే, పదేళ్ల వయసు నుంచి, లేదా అంతకుముందే పెద్దమనుషులయ్యే లక్షణాలు కనిపిస్తే అప్పటి నుంచి, చక్కెర పరీక్ష మొదలుపెట్టాలన్నది అమెరికన్ డయాబెటిస్ అసోసియేషన్ సూచన. నలుపు ఉన్నంత మాత్రాన షుగర్ వచ్చేసినట్టు కాదు. నలుపు లేనంత మాత్రాన రాదని కూడా కాదు. కొన్ని కుటుంబాల్లో ఏ జబ్బూ లేకుండా ఇది వస్తుంది. స్టెరాయిడ్ మాత్రలు, కొన్ని హార్మోన్ మాత్రలు, నియాసిన్ అనే విటమిన్ వల్ల కూడా రావచ్చు. ఆడపిల్లల్లో దీనితోపాటు నెలసరి తప్పడం, గడ్డం మీద వెంట్రుకలు ఉంటే అండాశయాలకు సంబంధించిన హార్మోన్ సమస్య పీసీఓఎస్ కోసం కూడా చూడాలి.

ఒక్క సందర్భంలో మాత్రం ఆలస్యం చేయకండి. నడివయసు దాటిన మనిషికి, అదీ సన్నగా ఉన్నవాళ్లకు, కొద్ది నెలల్లోనే ఈ నలుపు వేగంగా వ్యాపించి, పెదవుల మీదకో నోట్లోకో అరచేతుల్లోకో పాకి, బరువు తగ్గిపోతుంటే, అది లోపలి క్యాన్సర్‌కు గుర్తు కావచ్చు. వాటిలో కడుపు క్యాన్సర్ ఎక్కువ. ఇది అరుదు. కానీ అలాంటివాళ్లను చక్కెర పరీక్షతో సరిపెట్టి పంపకూడదు.

మా అబ్బాయికి (అలాగే అంటున్నాను, అంత దగ్గరయ్యాడు) మాత్రలేమీ ఇవ్వలేదు. ఎదిగే వయసు కాబట్టి బరువు తగ్గించమని పట్టుబట్టలేదు, పెరగకుండా చూస్తే చాలన్నాను. తీపి పానీయాలు ఆపించాం. రోజూ గంటసేపు చెమట పట్టే ఆట. పనిచేస్తున్న కండరం ఇన్సులిన్ పిలుపు కోసం ఎదురుచూడకుండానే చక్కెరను తీసుకుంటుంది, ఆ తర్వాత కూడా కొన్ని గంటలపాటు దాని చెవులు కాస్త బాగా పనిచేస్తాయి. అందుకే వారానికోసారి మూడు గంటలు ఆడడం కంటే రోజూ కొంత ఆడడం మేలు. మెడకు రాత్రిపూట యూరియా ఉన్న మాయిశ్చరైజర్ ఒక్కటి రాయమన్నాను. పీచు పారేయమన్నాను. ప్రతి నెలా ఒకే చోట, ఒకే వెలుతురులో మెడ ఫోటో తీసి పెట్టమని తల్లికి చెప్పాను. రోజూ చూసే కంటికి మెల్లగా వచ్చే మార్పు తెలియదు.

మొదట మారింది స్పర్శ. నాలుగో నెలకు చర్మం మందం తగ్గిందని వేలికి తెలిసింది, ఫోటోల్లో మాత్రం రంగు దాదాపు అలాగే ఉంది. చాలామంది ఇక్కడే నిరాశపడి వదిలేస్తారు. తొమ్మిదో నెలకు ఎత్తు ఐదు సెంటీమీటర్లు పెరిగింది, బరువు 64 దగ్గరే ఆగింది. గ్లూకోజ్ పరీక్షలో రెండు గంటల అంకె 128. మెడ పక్కలు తేటపడ్డాయి, వెనక ఇంకా వేలెడు వెడల్పున నలుపుంది. పులిపిర్లు అలాగే ఉన్నాయి, అవి వాటంతటవి పోవు, కావాలంటే తర్వాత తీయించుకోవచ్చు. మళ్లీ పరీక్ష వచ్చే ఏడాది. ఈసారి కూర్చున్నప్పుడు అతనే కాలర్ కిందికి లాగి, "చూడండి ఆంటీ, పక్కన తగ్గింది" అన్నాడు.